తెల్లసొన మాట వింటుంది, పచ్చసొన వినదు

తూత్తుకుడి మకరూన్ నోట్లో వేసుకున్నవాళ్లకు తెల్లసొన గొప్పతనం వేరే చెప్పనక్కర్లేదు. జీడిపప్పు పొడి, పంచదార, తెల్లసొన, అంతే! ఆ మూడింటినీ అంత తేలికైన శంకువులుగా నిలబెట్టే మాస్టర్ల చేతికి దండం పెట్టాలి. గోవా బెబింకా సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అందులో పచ్చసొనలు, కొబ్బరిపాలు కలిపి, నెయ్యి రాస్తూ పొర మీద పొర కాలుస్తారు. కాన్వెంట్లలో బట్టల గంజికి తెల్లసొన పోగా మిగిలిన పచ్చసొనలతోనే అది పుట్టిందని అక్కడ చెప్పుకుంటారు. ఇంట్లో ఒక సొన వాడితే రెండోది మిగలక తప్పదు, అప్పుడే ఫ్రీజర్ పని.

తెల్లసొనకు ఏమీ కలపక్కర్లేదు. ఐస్ ట్రేలో ఒక్కో గుంటకు ఒక్కో గుడ్డుది పోసి, గట్టిపడ్డాక ముక్కలు తీసి, గాలి చొరని సంచిలో వేసి తేదీ రాయాలి. బెబింకాకు ఎనిమిది పచ్చసొనలు వాడితే ఎనిమిది ముక్కలన్నమాట. మకరూన్‌కు నాలుగు కావాలంటే ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో మూతగిన్నెలో పెట్టుకోవాలి. గిలకొట్టే ముందు ఓ అరగంట బయట ఉంచితే నురుగు చక్కగా లేస్తుంది. లేవలేదంటే చలిని తిట్టకండి, పచ్చసొన చుక్కో గిన్నెకంటిన జిడ్డో కారణమై ఉంటుంది.

పచ్చసొన అలా కాదు. సున్నాకు దిగువన ఆరు డిగ్రీలు దాటగానే అందులోని నీరు మంచై, కొవ్వు, మాంసకృత్తులు కలిసిన రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కరిగించినా మళ్లీ విడిపోవు. పచ్చసొన గరిటెకు ముద్దలా అంటుకుని, కస్టర్డ్‌లో పలుకులుగా తేలుతుంది. ఉప్పో పంచదారో ఉంటే కొంత నీరు గడ్డకట్టకుండా మిగిలి ఆ అతుకు తగ్గుతుంది. నాలుగు పచ్చసొనలకు టీస్పూన్‌లో ఎనిమిదో వంతు ఉప్పు, లేదా ఒకటిన్నర టీస్పూన్ల పంచదార కలపాలి. ఏది కలిపారో డబ్బా మీద రాయండి, ఉప్పుది పుడ్డింగ్‌లో పడితే ఆ పూట పోయినట్టే. పంచదార కలిపింది కస్టర్డ్‌కు, ఉప్పుది కూరల్లోకి.

మొత్తం గుడ్డయితే నురుగు రాకుండా మెల్లగా కలిపి, కప్పుకు అర టీస్పూన్ ఉప్పు వేసి దాచవచ్చు. ఆమ్లెట్‌కు, ఎగ్ ఫ్రైడ్ రైస్‌కు దివ్యంగా ఉంటుంది. ఏదైనా ఏడాది లోపు వాడేయాలి, బాగా ఉడకాలి, కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు.

నాకు ఒళ్లు మండేది పెంకుతో సహా ఫ్రీజర్‌లో పడేసేవాళ్లను చూస్తే! లోపలిది ఉబ్బి పెంకు పగులుతుంది, పచ్చసొన ముద్దవుతుంది. ఉడికించిన గుడ్డును పెడితే తెల్లసొన రబ్బరై నీరోడుతుంది. అంతకంటే బాధ, పచ్చసొనలు పారబోసి పసుపురంగు మొక్కజొన్న పిండిని కస్టర్డ్ అనడం. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ ఆ పొడి చేసింది గుడ్డు పడని తన భార్య కోసం. ఆమెకు అది అవసరం. గుడ్లు హాయిగా తినే మనం, నాలుగు పచ్చసొనలు సింకులో పోసి ఆ పొట్లం ఎందుకు చించాలి?