రచ్చబండ మీద నీటి లెక్క

నీటి పొదుపు మీద వస్తున్న వీధినాటిక ప్రతులు చదువుతుంటే నాకు కష్టంగా ఉంటోంది. అన్నింటిలోనూ కుళాయి కట్టని ఇల్లాలే ముద్దాయి! అనంతపురం మెట్ట ఊళ్ళో ఆ మాట చెబితే, బిందెతో నిలబడ్డ ఆడమనిషి నవ్విపోతుంది.

ఊరి నీరు ఎటు పోతోందో రచయిత ముందు లెక్క కట్టాలి. ఎకరం వరికి 1200 మిల్లీమీటర్ల నీరు అనుకుంటే సుమారు 48 లక్షల లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున అయిదుగురి కుటుంబం ఏడాదికి వాడేది లక్ష. ఒక్క ఎకరం, 48 ఇళ్ళు. సంఘర్షణ ఇక్కడుంది.

దీన్ని ఉపన్యాసం చేస్తే జనం లేచిపోతారు. 1978లో జన నాట్య మంచ్ ‘మెషీన్’లో నటులే తమ శరీరాలతో యంత్రమయ్యారు. మనకూ ఇద్దరు నటులు పక్కపక్కన బోర్లు కావచ్చు. ఒకడు వంగితే రెండోవాడు ఇంకా కిందికి వంగుతాడు. కోరస్ లోతు అరుస్తుంది: ‘రెండొందలు! నాలుగొందలు! ఆరొందలు!’ మధ్యలో నిలబడ్డ పాత బావి గొంతు క్రమంగా మూగబోతుంది, డప్పు ఆగుతుంది. చుట్టూ జనం, మైకు లేదు, సగంమందికి నటుడి వీపే కనిపిస్తుంది. ముఖకవళికల మీద నిలిచే సన్నివేశం అక్కడ పనికిరాదు.

బోరు వేసిన రైతును విలన్ చేయడం మరో తేలిక దారి. ఎండిన బోర్ల అప్పు అతని నెత్తినే ఉంది. ఆ జిల్లాలోనే కొన్ని ఊళ్ళలో రైతులు బోర్లను ఒకే పైపులైనుకు కలిపి నీరు పంచుకున్నారు. నీరున్నవాడు అందుకు ఎందుకు ఒప్పుకున్నాడు? ఆ సంభాషణ రాసిన ప్రతి నాకింకా కనబడలేదు.