తేనె కొనేముందు ఆ కాగితంలో ఏం చదవాలి

ఎండాకాలంలో భద్రాచలం ఏజెన్సీలోని కోయ పల్లెల నుంచి అడవి తేనె కిందికి దిగుతుంది. గిరిజన సహకార సంస్థతో పాటు ప్రైవేటు వ్యాపారులూ కొంటారు. డ్రమ్ముల్లో ఖమ్మం దాకా వచ్చిన తేనెకు ఎవరో ఒకరు తేమ తగ్గించాలి, వడగట్టాలి, సీసాలకెత్తాలి. ఈ పని చేసేవాళ్లు పట్నం కొనుగోలుదారుకి శాంపిల్‌తో పాటు ఐఎస్‌ఓ సర్టిఫికెట్ ఫొటో కూడా పంపుతారు. చాలామంది పేరు, ముద్ర, గడువు తేదీ చూసి ఫోన్ పక్కన పెట్టేస్తారు. నన్నడిగితే ముందు చదవాల్సింది మధ్యలో చిన్న అక్షరాల్లో ఉండే స్కోప్.

ఒక ఉదాహరణ చూద్దాం. సర్టిఫికెట్ ఐఎస్‌ఓ 22000:2018 ప్రకారం ఇచ్చింది, అంటే ఆహార భద్రత నిర్వహణకు సంబంధించినది. స్కోప్‌లో ‘ప్యాకింగ్ అండ్ సప్లై ఆఫ్ హనీ’ అని ఉంది. చిరునామా భద్రాచలంలోని ఒక షెడ్డుది. జారీ తేదీ 2024 జూన్ 12, గడువు 2027 జూన్ 11.

ఇందులో సీసాకెత్తడం ఉంది, అమ్మడం ఉంది. వేడిచేసి తేమ తగ్గించడం లేదు. అడవి తేనెకు అసలు కష్టమంతా అక్కడే. మన ఆహార భద్రతా ప్రమాణాలు తేనెలో తేమ మామూలుగా 20 శాతం దాటకూడదంటాయి. దాటితే పులిసి నురగ కడుతుంది. తగ్గించాలని ఎక్కువ వేడిచేస్తే హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది, దానికీ పరిమితి ఉంది. ఆ పని ఖమ్మంలో మరో యూనిట్‌లో చేయిస్తుంటే, ఆ యూనిట్ పేరు ఈ కాగితంలో లేదు. ఆడిటర్ అక్కడ అడుగుపెట్టాడని ఈ సర్టిఫికెట్ చెప్పదు. కాబట్టి సరఫరాదారుని సూటిగా అడగాలి: “తేమ ఎక్కడ తీయిస్తారండీ? ఆ చిరునామా మీ సర్టిఫికెట్‌లో ఉందా?” సమాధానం తడబడితే ఆ రెండో యూనిట్ సర్టిఫికెట్ కూడా తెప్పించుకోవాలి.

ఇంకో సంగతి: స్కోప్‌లో అన్ని పనులూ ఉన్నా, అది మీ సీసాలోని తేనె స్వచ్ఛమైనదని ఇచ్చిన హామీ కాదు. పరిశీలించింది పనిచేసే పద్ధతిని. మీ బ్యాచ్ సంగతి మీ బ్యాచ్ మీద చేసిన ల్యాబ్ రిపోర్టే చెప్పాలి. సీసా లేబుల్ మీద ‘ఐఎస్‌ఓ సర్టిఫైడ్ తేనె’ అని వేసుకోవడం నిబంధనలకే విరుద్ధం.

ఇక గడువు. మూడేళ్ల తేదీ కనిపించగానే మూడేళ్లూ భరోసా ఉందనుకుంటారు. దాని పక్కనో కిందో ‘సబ్జెక్ట్ టు సాటిస్‌ఫాక్టరీ సర్వైలెన్స్ ఆడిట్స్’ అనే మాట ఉంటుంది. మధ్యలో జరిగే తనిఖీలు సవ్యంగా ముగిస్తేనే ఆ తేదీ చెల్లుతుందన్నమాట. మొదటి తనిఖీ సర్టిఫికెట్ మంజూరు నిర్ణయం నుంచి 12 నెలల లోపు జరగాలి. ఆ తర్వాత, పునరుద్ధరణ జరిగే ఏడాది మినహా, ప్రతి క్యాలెండర్ ఏడాదిలో కనీసం ఒకటి. మన ఉదాహరణలో మొదటిది 2025 జూన్ సగానికల్లా అయిపోవాలి, రెండోది 2026లో. తనిఖీ జరగనివ్వకపోతే సర్టిఫికెట్‌ను సస్పెండ్ చేస్తారు. అయినా గోడ మీద ఫ్రేము కట్టిన కాగితం మీద 2027 అనే తేదీ చెక్కుచెదరకుండా కనిపిస్తూనే ఉంటుంది. అందుకే కాగితం కాదు, స్థితి కావాలి.

స్థితి తెలుసుకోవడం కష్టమేం కాదు. జెనీవాలోని ఐఎస్‌ఓ ప్రమాణాలు రాస్తుందే తప్ప ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ఇచ్చేది వేరే సర్టిఫికేషన్ సంస్థ. ఫలానా నంబరు ఇప్పుడు చెల్లుతుందా, సస్పెన్షన్‌లో ఉందా, రద్దయిందా అని ఎవరడిగినా ఆ సంస్థ చెప్పాలి. నంబరు, కంపెనీ పేరు రాసి ఈమెయిల్ పెడితే చాలు. అయితే ఆ చిరునామాను సర్టిఫికెట్ ఫొటో మీద నుంచి కాకుండా విడిగా వెతికి పట్టుకోండి. IAF CertSearch అనే సైట్‌లోనూ వెతకొచ్చు. అక్కడ కనిపించలేదని దొంగదని తేల్చెయ్యకండి, అడిగి తెలుసుకోండి.

ఆ సర్టిఫికేషన్ సంస్థకూ పైన గుర్తింపు ఇచ్చే మరో సంస్థ ఉండాలి. మన దేశంలో అది ఎన్‌ఏబీసీబీ. ఈ గుర్తింపు ప్రమాణం ప్రమాణానికీ విడివిడిగా ఉంటుంది. నాణ్యతకు చెందిన 9001కి గుర్తింపు ఉన్న సంస్థకు ఆహారానికి చెందిన 22000కి లేకపోవచ్చు. ఎన్‌ఏబీసీబీ వెబ్‌సైట్‌లో ఆ సర్టిఫికేషన్ సంస్థ పేరు ఎదురుగా ఏ పథకం రాసుందో చూడాలి. రెండు రోజుల్లో ఐఎస్‌ఓ చేసిపెడతామనే వాళ్ల కాగితాల మీద ఇలాంటి గుర్తింపు ముద్ర దొరకడం అరుదు.

ఇవన్నీ సరిపోయినా నేనైతే ఇంకో మాట అడుగుతాను. కిందటి సర్వైలెన్స్ ఆడిట్ ఏ నెలలో జరిగింది? తేనె సీజను పని. యూనిట్‌లో తేనె కాగని నెలలో ఆడిటర్ వచ్చి ఉంటే ఆయన చూసింది కడిగి ఆరబెట్టిన ట్యాంకులు, రిజిస్టర్లు. పని నడుస్తుండగా చూసిన ఆడిట్‌తో దాన్ని సమానంగా తీసుకోలేం. ఆడిట్ రిపోర్టు చూపించమంటే చాలామంది సరఫరాదారులు మొదటి పేజీలు పంపుతారు. తేదీ అందులోనే ఉంటుంది.