ఒక్క బిట్ అడుగు

జగిత్యాల జిల్లా నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీలో ఈసీఈ చదివే పిల్లలకు రెండు క్లాక్‌ల మధ్య ఉండే 8 గళ్ల ఫిఫో గురించి చెప్పాల్సివస్తే, నేను పాయింటర్ 7 నుంచి 8కి దాటే క్షణం దగ్గరే ఆగుతాను. మామూలు లెక్కలో 0111 కాస్తా 1000 అవుతుంది. నాలుగు బిట్లూ మారతాయి. సరిగ్గా అప్పుడే అవతలి క్లాక్ చదివితే 16 విలువల్లో ఏదైనా రావచ్చు, లేని డేటా ఉన్నట్టు తోచవచ్చు.

`g = b ^ (b >> 1)` పెట్టి గ్రే కోడ్‌లోకి మారిస్తే అదే అడుగు 0100 నుంచి 1100. ఎంత చూసినా నాకు తనివి తీరని పనితనమిది. ఒకటి కలిపినప్పుడు కుడి చివర నుంచి వరుసగా కొన్ని బిట్లు తిరగబడతాయి. గ్రే బిట్ పక్కపక్క బిట్ల తేడా. రెండూ తిరగబడితే తేడా మారదు. ఆ వరుస ఆగిన చోట ఒక్కటే మారుతుంది. కాబట్టి అవతల చదివేది పాత విలువో, కొత్త విలువో, మూడోది రాదు. అయితే గ్రే విలువను ఫ్లిప్‌ఫ్లాప్‌లో పట్టాకే పంపాలి. ఎక్సార్ గేట్ల నుంచి నేరుగా పంపితే, అవి కుదురుకునేలోపు పుట్టే తప్పుడు బిట్లూ దాటిపోతాయి.