చివరి ట్యూబు నుంచి లెక్క

పొదుగు వాపు మందుల గురించి చెప్పాల్సి వస్తే నేను సాయంత్రం మీటింగు పెట్టను. మీటింగుకు మగవాళ్ళు వస్తారు, గేదెను పిండే ఆడవాళ్ళు రారు. అందుకే పొద్దున్నే పాల కేంద్రం దగ్గర నిలబడతాను. ఇక చాల్లే అని మందు ఆపేదీ, ఈ పూట పాలు పోద్దామని అనుకునేదీ పిండేవాళ్ళే కాబట్టి వాళ్ళతోనే నా పని.

చిక్కంతా రెండో రోజు వస్తుంది. డాక్టరు గారు రోజుకొకటి చొప్పున మూడు ట్యూబులు రాస్తారు. రెండోది ఎక్కించేసరికి పాలలో తరకలు పోతాయి, పొదుగు మెత్తబడుతుంది. "తగ్గిపోయింది కదయ్యా, మూడోది దాచుకుంటే మళ్ళీ పనికొస్తుంది" అంటారు. పాలు తేటపడ్డాయంటే వాపు దిగిందని మాత్రమే, క్రిమి చచ్చిందని కాదు. స్టెఫిలోకాకస్ అనే మొండి క్రిమి పొదుగు కండలో లోతుగా నక్కి ఉంటుంది. మందు మధ్యలో ఆపితే మిగిలినవి మళ్ళీ పెరుగుతాయి, కొన్నాళ్ళకు అదే చన్ను మళ్ళీ గట్టిపడుతుంది. పాతబడిన జబ్బయితే పూర్తి కోర్సుకు కూడా లొంగకపోవచ్చు. అందుకే కోర్సు అయ్యాక కూడా రోజూ మొదటి నాలుగు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడమంటాను. తరకలు మళ్ళీ కనిపిస్తే ఇంకో ట్యూబు కొనకుండా పాల నమూనా పరీక్షకు పంపాలి.

తర్వాత లెక్క. దీన్ని గోడ మీద సుద్దముక్కతో రాసి చూపిస్తాను. సోమవారం పొద్దున ఆరింటికి పూర్తిగా పిండి, చన్ను మొన స్పిరిట్ దూదితో తుడిచి మొదటి ట్యూబు ఎక్కించాం. మంగళ, బుధవారాలు అదే వేళకు మిగతా రెండూ. ఆ ట్యూబు పెట్టె మీద పాలు వాడకూడని గడువు 96 గంటలని ఉందనుకుందాం. చాలామంది దాన్ని సోమవారం నుంచి లెక్కేసి శుక్రవారం పొద్దున పోసేస్తారు. లెక్క మొదలయ్యేది చివరి ట్యూబు నుంచి. బుధవారం ఆరింటి నుంచి 96 గంటలంటే ఆదివారం ఆరు. అంటే సోమవారం పొద్దున తరకల పాలతో కలిపి పన్నెండు పూటల పాలు పారబోయాలి. పూటకు మూడు లీటర్లిచ్చే గేదెకు 36 లీటర్లు. పిండటం మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు, పాలు నిలిస్తే వాపు తిరగబెడుతుంది. పెట్టె మీద గడువు నిర్ధారించి రాయకపోతే పాలకు కనీసం ఏడు రోజులు ఆగాలని 2012లో కేంద్రం తెచ్చిన నిబంధన చెబుతుంది.

ఇక్కడే ఒకామె లేచి, "ట్యూబు ఒక్క చన్నుకేగా సార్, మిగతా మూడు చన్నుల పాలు పోస్తే ఏం?" అని అడిగింది. నాకు బాగా నచ్చిన ప్రశ్న. మందులో కొంత రక్తంలోకి ఎక్కి మిగతా చన్నులకూ దిగుతుంది. అందుకే నాలుగు చన్నుల పాలూ ఆపాలి. దూడకు తాగించడం కూడా వద్దు, ఆ కొద్దిపాటి మందుకు దాని కడుపులోని క్రిములు అలవాటు పడతాయి.

"కాస్తే పోతుంది కదా" అంటారు కొందరు. చాలా మందులు పొయ్యి మీద పూర్తిగా పోవు. "క్యాన్‌లో అందరి పాలతో కలిసిపోతుంది" అన్నవాళ్ళకు పెన్సిలిన్ పరిమితి చెబుతాను. కోడెక్స్ ప్రమాణం ప్రకారం కిలో పాలలో 4 మైక్రోగ్రాములు మించకూడదు. ఆ లెక్కన గ్రాము మందు దాదాపు రెండున్నర లక్షల లీటర్లను ఆ హద్దు దాకా తెస్తుంది. ఒక్క ఇంటి పాలు క్యాన్ మొత్తాన్నీ పాడుచేయగలవు. ఇంట్లో దీనికి గుర్తు పెరుగు. మందున్న పాలు తోడుకోక జిగటగా నిలిచిపోతాయి. అయితే తోడుకున్నాయి కాబట్టి మందు లేదనుకోకూడదు, హద్దు దాటిన మందున్నా తోడు పట్టవచ్చు. నమ్మాల్సింది గంటల లెక్కనే.

నష్టం ఎవరు భరిస్తారని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పారబోసిన పాలకు రైతుకు ఎంతో కొంత ఇచ్చే డెయిరీకి నిజాయితీగా చెప్పే రైతులు దొరుకుతారని నా నమ్మకం. ఇప్పుడైతే దాచడమే లాభం, అది రైతు తప్పని నేననను.

మీ పశువుకు మందు వేసినవాళ్ళను వెళ్ళనిచ్చే ముందు రెండు అడగండి: చివరి డోసు ఎప్పుడు, ఆ తర్వాత ఎన్ని గంటలు. ఆ రెండూ పాకలో గుంజ మీద రాయించుకోండి. ఆ గేదెను అన్నిటికంటే ఆఖరున, వేరే గిన్నెలో పిండండి.