వెబ్‌సైట్ మూసేసి ఊరుకుంటే?

2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం ఎవరికైనా కనబడుతున్నాయని హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. సంగతి పొక్కాక ఆధార్ నంబర్లు కనబడకుండా చేశారు. అది తొలి అడుగే. ఆ పేజీ తీసేముందే సర్వర్ లాగ్‌లు వేరేచోట భద్రపరచాలి. కంగారులో సర్వర్‌ను చెరిపేస్తే, జాబితా ఎన్నిసార్లు, ఏ చిరునామాల నుంచి డౌన్‌లోడ్ అయిందో తేల్చే ఆధారమే పోతుంది. సెర్చ్ ఇంజన్ల దగ్గర దాచి ఉన్న నకళ్లనూ తీయించాలి.

ఎవరికి, ఎప్పటిలోగా చెప్పాలన్నది ఇప్పుడు రాతపూర్వకంగా ఉంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, లీకును గమనించిన ఆరు గంటల్లో ఆ సంస్థకు నివేదించాలి. ప్రభుత్వ సంస్థలకూ మినహాయింపు లేదు. 2023 డేటా రక్షణ చట్టం కింద 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు, పద్దెనిమిది నెలల గడువు ముగిశాక, ఇంకో రెండు బాధ్యతలు పెడతాయి: ఆ చట్టం కింది డేటా రక్షణ బోర్డుకు వెంటనే తెలిపి 72 గంటల్లో పూర్తి వివరాలివ్వడం, ప్రతి బాధితుడికీ జాప్యం లేకుండా విడిగా చెప్పడం. చెప్పకపోతే జరిమానా 200 కోట్ల దాకా ఉండొచ్చు.

జనం భయపడతారు, పూర్తిగా తేలాక చెబుదాం అంటారు అధికారులు. కానీ దొంగ దర్యాప్తు ముగిసేదాకా ఆగడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా, ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ పత్రాల్లోని వేలిముద్రలకు నకళ్లు చేసి, ఆధార్‌తో నడిచే చెల్లింపుల ద్వారా ఖాతాల్లో డబ్బు లాగేసింది. అంటే ఓ చోట బయటపడిన ఆధార్ నంబరు, మరోచోట దొరికిన వేలిముద్ర కలిస్తే చాలు. తేలింది ఇంత, తేలనిది ఇంత, మళ్లీ ఫలానా రోజు చెబుతాం అంటే జనం తట్టుకుంటారు. ‘మీ డబ్బుకు ఢోకా లేదు’ అని ముందే హామీ ఇచ్చేస్తే మాత్రం ఆ తర్వాత నమ్మరు.

గురజాల దగ్గర పల్లెలో ఓ లబ్ధిదారుకు లీకు సంగతి చెప్పే లేఖ పంపాలనుకుందాం. ఆమె వివరాల్లో ఏవేవి, ఏ తేదీల మధ్య బయట ఉన్నాయో, సంస్థ ఏం చేసిందో, ఆమె ఏం చేయాలో, సందేహం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో అందులో తెలుగులో ఉండాలి. వేలిముద్రకు తాళం వేసుకోమంటే మంచి సలహానే; కానీ వేలిముద్ర వేసి రేషన్ తీసుకునే రోజున తాళం తీయాలని చెప్పకపోతే ఆమె బియ్యం ఆగిపోతాయి. రికార్డులో ఉన్న ఫోన్ నంబరు కొడుకుదో, ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టిన సెంటరువాడిదో కావచ్చు. అందుకే సచివాలయ సిబ్బంది ఇంటికెళ్లి చదివి వినిపించే ఏర్పాటూ ప్రణాళికలో ఉండాలి. ఎస్సెమ్మెస్ పంపినా అందులో లింకు పెట్టకూడదు, ఎందుకంటే మర్నాటికే మోసగాళ్లు అచ్చం అలాంటి సందేశమే లింకుతో పంపుతారు.