అద్దంలో నాలుగు వందల చుక్కలు

పిల్లల సైట్ త్వరగా పెరగకుండా చూసేందుకు హాంకాంగ్ పాలిటెక్నిక్ యూనివర్సిటీ, జపాన్ కంపెనీ హోయా కలిసి ఒక కళ్లద్దం తయారుచేశాయి. పరిశోధకులు దాన్ని డిమ్స్ అంటారు. 2018 నుంచి మయోస్మార్ట్ పేరుతో అమ్ముతున్నారు. ఎదురుగా పట్టుకుని చూస్తే మామూలు అద్దమే. కాస్త వాల్చి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూస్తే పనితనం బయటపడుతుంది. మధ్యలో 9 మిల్లీమీటర్ల వెడల్పున నున్నటి వృత్తం, దాని చుట్టూ తేనెపట్టు గళ్లలా సర్దిన దాదాపు 400 చుక్కలు కనిపిస్తాయి. చుక్క ఒక్కోటీ మిల్లీమీటరు వెడల్పు ఉండే బుల్లి లెన్సు.

ఆ చుక్కలు ఎందుకో తెలియాలంటే సైట్ ఎలా పెరుగుతుందో చూడాలి. దూరపు చూపు మసకబారిన పిల్లల్లో చాలామందికి కనుగుడ్డు వెనక్కి సాగి ఉంటుంది. వెలుగు రెటీనా మీద కాకుండా దానికి ముందే కలుస్తుంది. మామూలు మైనస్ అద్దం ఆ బిందువును వెనక్కి జరిపి రెటీనా మీద నిలబెడుతుంది. చూపు బాగుపడుతుంది, కానీ కన్ను సాగడం ఆగదు. కోడిపిల్లల మీద, కోతుల మీద చేసిన ప్రయోగాల్లో మరో సంగతి తేలింది. బొమ్మ రెటీనాకు ముందు పడితే కన్ను పెరుగుదల నెమ్మదిస్తుంది, వెనుక పడితే వేగం పుంజుకుంటుంది. అయితే రోజంతా బొమ్మ ముందే పడేలా చేస్తే పిల్లవాడికి బోర్డు కనబడదు. ఈ చిక్కు విప్పిన తీరే నాకు బాగా నచ్చింది.

–2.00 సైట్ ఉన్న పాపను తీసుకుందాం. నడిమి వృత్తంలోనూ, చుక్కల మధ్య ఖాళీల్లోనూ అద్దం పవర్ –2.00. చుక్కల్లో మాత్రం దానికి +3.50 కలుస్తుంది, అంటే అక్కడ పవర్ +1.50. నడిమి వృత్తం చుట్టూ నుంచి కంట్లోకి వచ్చే వెలుగు దారిలో కొన్ని చుక్కలు, కొంత ఖాళీ ఒకేసారి వస్తాయి. వృత్తం, ఖాళీల గుండా వచ్చిన వెలుగు రెటీనా మీద స్పష్టమైన బొమ్మ గీస్తుంది. చుక్కల గుండా వచ్చిన వెలుగు రెటీనాకు ముందే మసక బొమ్మ వేస్తుంది. మొదటిది చదువుకోవడానికి, రెండోది కన్ను సాగకుండా పట్టి ఉంచడానికి.

హాంకాంగ్‌లో 8 నుంచి 13 ఏళ్ల పిల్లల మీద రెండేళ్లు పరీక్షించారు. ఎవరికి ఏ అద్దం వచ్చిందో పిల్లలకూ, కొలతలు తీసినవాళ్లకూ తెలియనివ్వలేదు. మామూలు అద్దాల వాళ్లకు సైట్ సగటున 0.85 పెరిగితే, చుక్కల అద్దాల వాళ్లకు 0.41 పెరిగింది. కనుగుడ్డు 0.55 మిల్లీమీటర్లకు బదులు 0.21 మాత్రమే సాగింది. మన పాపకు ఇదే సగటు వర్తిస్తే రెండేళ్లకు –2.85 బదులు –2.41 దగ్గర ఉంటుంది. సగటు అన్న మాట మరవకూడదు, కొందరికి ఈ అద్దంతోనూ సైట్ బాగానే పెరుగుతుంది. పరిశోధనలో హోయా డబ్బు ఉందన్నదీ గుర్తుంచుకోవాలి. వచ్చిన సైట్ తగ్గదు, పెరిగే వేగమే తగ్గుతుంది.

ఇంత పనితనమూ షాపులో కొలత సరిగా తీయకపోతే వృథా. నడిమి వృత్తం కంటిపాపకు సరిగ్గా ఎదురుగా రావాలి. అందుకు ఫ్రేమ్ పెట్టించి, రెండు కళ్లకూ విడివిడిగా దూరం, ఎత్తు కొలవాలి. ఫ్రేమ్ ముక్కు మీదికి జారితే పిల్లవాడు చుక్కల గుండా చదవాల్సి వస్తుంది. వాడు తల ఎత్తి చూస్తున్నా, అద్దం తీసేసి చదువుతున్నా కొలత తప్పిందేమోనని అనుమానించండి. పక్కల కాస్త మసకగా ఉందని మొదట్లో కొందరు చెబుతారు, చాలామందికి అలవాటవుతుంది.

కంట్లో వేసే చుక్కల మందుది వేరే కథ. అట్రోపిన్ రోజూ రాత్రి వేస్తారు. హాంకాంగ్‌లోనే జరిగిన మరో పరీక్షలో, మందులేని చుక్కలు వేసిన పిల్లలకు ఏడాదిలో 0.81 పెరిగిన సైట్, 0.05 శాతం మందుతో 0.27కే ఆగింది. మనవాళ్లు ఎక్కువగా విన్న 0.01 శాతం మందుతో 0.59 పెరిగింది, కనుగుడ్డు సాగడంలో మాత్రం పెద్ద తేడా కనబడలేదు. మోతాదు పెరిగితే ఎండకు కళ్లు చికిలించడం, దగ్గరి అక్షరం మసకబారడం ఎక్కువవుతాయి. మందు ఒక్కసారిగా మానేస్తే సైట్ మళ్లీ వేగంగా పెరగవచ్చు.

ఆరుబయట ఆట సైట్ రాని పిల్లలకే ఎక్కువ మేలు. చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా బయట గడిపిన పిల్లల్లో, మూడేళ్లలో కొత్తగా సైట్ వచ్చినవారు 30.4 శాతం. మిగతా బడుల్లో 39.5 శాతం. ఇప్పటికే అద్దాలు పెట్టుకున్నవారికి సైట్ పెరగడాన్ని ఆట ఆపుతుందనడానికి ఆధారం బలహీనం.

కాబట్టి ఖరీదైన అద్దం కొనే ముందు ఒక్క మాట అడగండి: కనుగుడ్డు పొడవు కొలిచే యంత్రం ఉందా, ఆరు నెలలకోసారి కొలిచి రాసిస్తారా అని. ఆ కొలత లేకుండా అద్దం పనిచేస్తోందో లేదో గట్టిగా చెప్పడం కష్టం.