ఎవరి బంతి ఎవరికి

టెన్నిస్ డబుల్స్‌లో సర్వీసు వచ్చి, దాన్ని తిప్పికొట్టాక ఇద్దరిలో ఎవరికి వీలైతే వాళ్లు కొట్టుకోవచ్చు. బ్యాడ్మింటన్‌లోనూ అంతే. టేబుల్ టెన్నిస్‌లో ఆ వెసులుబాటు లేదు. ఒకరు కొట్టాక తర్వాతి బంతి రెండోవారిదే. అది చేతికి అందేంత దగ్గరగా వచ్చినా సరే, వంతు కానివాళ్లు బ్యాట్ తగిలించారంటే పాయింటు పోయినట్టే. డబుల్స్ నిబంధనలన్నీ ఈ ఒక్క షరతు చుట్టూ అల్లుకున్నవే. ఆ అల్లిక ఎంత పొందికగా ఉంటుందో కాగితం మీద నాలుగు పేర్లు రాసుకుని చూస్తే గాని తెలియదు.

ముందు సర్వీసు సంగతి. సింగిల్స్‌లో బంతిని టేబుల్ మీద ఏ మూలకైనా పంపొచ్చు. డబుల్స్‌లో అది సర్వర్ కుడి సగంలో ఒకసారి పడి, నెట్ దాటి, రిసీవర్ కుడి సగంలో పడాలి. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు కాబట్టి ఒకరి కుడి మరొకరి ఎడమకు ఎదురుగా ఉంటుంది. అందుకే బంతి ఐమూలగా పోక తప్పదు. టేబుల్ వెడల్పు 152.5 సెంటీమీటర్లు, అందులో సగం 76.25. మధ్యలో నిలువునా ఉండే 3 మిల్లీమీటర్ల తెల్లగీత రెండు వైపులా కుడి సగానికే చెందుతుంది. గీత మీద పడితే సర్వీసు మంచిదే, గీత దాటి ఎడమన పడితే పాయింటు అవతలివాళ్లకు. నెట్‌ను రాసుకుంటూ వెళ్లి సరైన చోట పడితే మళ్లీ సర్వ్ చేయాలి.

ఈ సగం నిబంధన సర్వీసుకు మాత్రమే. రిసీవర్ దాన్ని టేబుల్ మీద ఎక్కడికైనా కొట్టొచ్చు. క్లబ్బుల్లో కొత్తగా ఆడేవాళ్లు రెండో బంతిని కూడా ఐమూలగానే పంపాలనుకుని తడబడుతుంటారు. వాళ్లను తప్పుపట్టలేం, టేబుల్ మీద గీత అలాగే కనిపిస్తూ ఉంటుంది మరి. నిజానికి మొదటి రెండు గెంతులు అయ్యాక ఆ గీతకు పనిలేదు.

సగం టేబుల్‌కే పరిమితం కావడంతో సర్వీసు పదును తగ్గుతుంది. బంతి ఎటు వస్తుందో రిసీవర్‌కు ముందే తెలుసు. పైగా సర్వర్ తన సర్వీసు ఫలితాన్ని తాను అందుకోలేడు. రిసీవర్ కొట్టిన బంతిని తీసుకోవాల్సింది జతగాడు. అందుకే సర్వర్ చేతిని టేబుల్ కిందకు పోనిచ్చి వేళ్లతో జతగాడికి సైగ చేస్తాడు: పొట్టిదా, పొడుగుదా, ఏ స్పిన్నా అని. ఆ సర్వీసు చేసేది జతగాడి మొదటి దెబ్బ కోసమే.

ఇక కాళ్ల పని. కొట్టినవాడు వెంటనే పక్కకు తప్పుకోవాలి, రెండోవాడు ఆ చోటికి రావాలి. ఇద్దరూ కుడిచేతివాటం వాళ్లయితే ఇద్దరికీ కావాల్సింది ఒకే చోటు. టేబుల్ ఎడమ సగం దగ్గర నిలబడితే మొత్తం టేబుల్‌ను ఫోర్‌హ్యాండ్‌తో కాయొచ్చు కదా. అందుకని కొట్టినవాడు వెనక్కి జరిగి, చుట్టూ తిరిగి, మళ్లీ లోపలికి వస్తాడు. ఎదుటివాళ్లకు ఇది బాగా తెలుసు. కాబట్టి బంతిని ఇప్పుడే కొట్టినవాడి మీదికే తిప్పి పంపుతారు. అతను కొట్టకూడదు, కొట్టాల్సినవాడికి అతనే అడ్డు. ఒకరు కుడిచేతి, మరొకరు ఎడమచేతి వాటమైతే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. కుడిచేతివాడు ఎడమవైపు, ఎడమచేతివాడు కుడివైపు ఉండి, ఎవరి అంచున వాళ్లు లోపలికీ బయటికీ కదిలితే చాలు. సర్వీసు ఎప్పుడూ కుడి సగంలోకే వస్తుంది గనుక ఎడమచేతి ఆటగాడు కుడి అంచున నిలబడి ఆ సగమంతా ఫోర్‌హ్యాండ్‌తో తీసుకోగలడు. ఈ ఒక్కచోట నిబంధన ఒక చేతివాటానికి మొగ్గు చూపుతుందని చెప్పాలి.

అసలు పనితనం వరుసలో ఉంది. మిక్స్‌డ్ డబుల్స్ అనుకుందాం. ఒకవైపు రవి, సునీత. మరోవైపు కిరణ్, లత. రవి సర్వ్ చేశాడు, కిరణ్ రిసీవ్ చేశాడు. తర్వాత సునీత, ఆపైన లత, మళ్లీ రవి. అంటే రవి బంతి కిరణ్‌కు, కిరణ్ బంతి సునీతకు, సునీతది లతకు, లతది రవికి. రెండు పాయింట్లు కాగానే సర్వీసు మారుతుంది. ఇప్పటిదాకా రిసీవ్ చేసిన కిరణ్ సర్వర్ అవుతాడు, ఇప్పటిదాకా సర్వ్ చేసిన రవి పక్కకు తప్పుకుంటే సునీత రిసీవ్ చేస్తుంది. తర్వాత సునీత లతకు, లత రవికి. ఎనిమిది పాయింట్లకు చక్రం పూర్తవుతుంది. గమనించండి, సర్వర్లు మారారు గాని ఎవరి బంతి ఎవరికి అన్నది మారలేదు. కిరణ్ బంతి అప్పుడూ సునీతకే, ఇప్పుడూ సునీతకే. 10-10 దగ్గర సర్వీసు ఒక్కో పాయింటుకు మారడం మొదలైనా ఈ వరుస చెదరదు. గేమ్ మొత్తంలో ఆటగాడు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, నాకు బంతి వచ్చేది ఎవరి దగ్గర్నుంచి అని.

నలుగురు, జట్లు మారిమారి కొట్టాలి అంటే సాధ్యమైన చక్రాలు రెండే. ఒకటి పైన చెప్పింది, రెండోది దాన్ని వెనక్కి తిప్పింది. ఈ రెండిట్లో మొదటి గేమ్‌కు ఏది వస్తుందన్నది ఎవరి చేతిలో ఉంటుంది? సర్వ్ చేసే జట్టు చేతిలో అనిపిస్తుంది. కాదు. ముందు వాళ్లు తమ సర్వర్‌ను చెప్పాలి, ఆ తర్వాత అవతలి జట్టు తమ రిసీవర్‌ను చెబుతుంది. రవి సర్వ్ చేస్తానంటే కిరణ్ ముందుకొస్తాడు. సునీత చేస్తానంటే లత వస్తుంది. రెండు రకాలుగానూ వచ్చేది ఒకటే చక్రం. అంటే వరుసను ఎంచుకునేది రిసీవ్ చేసే జట్టే. టాస్ గెలిచినవాళ్లు సర్వీసు వదిలేసి రిసీవ్ కోరితే అది మొహమాటం కాదు.

ఆ ఎంపిక ఎందుకంత విలువైనదో మిక్స్‌డ్ డబుల్స్‌లో బాగా తెలుస్తుంది. మొదటి చక్రంలో కిరణ్ బలమైన దెబ్బలన్నీ సునీత తీసుకోవాలి, రవి దెబ్బలు మాత్రం కిరణ్‌కే పోతాయి. కిరణ్ జట్టుకు ఇది లాభం. చక్రం తిరగబడితే రవి బంతి లతకు, లతది సునీతకు, సునీతది కిరణ్‌కు, కిరణ్‌ది రవికి. లాభం అటు మారింది.

నిబంధన రాసినవాళ్లు దీన్ని ఊహించారు. రెండో గేమ్‌లో ఇప్పుడు కిరణ్ జట్టు సర్వ్ చేస్తుంది. వాళ్లలో ఎవరు మొదలుపెట్టాలన్నది వాళ్లిష్టం, కానీ రిసీవర్‌ను ఎంచుకునే స్వేచ్ఛ రవి జట్టుకు లేదు. కిందటి గేమ్‌లో ఆ సర్వర్‌కు ఎవరు సర్వ్ చేశారో వాళ్లే ఇప్పుడు రిసీవ్ చేయాలి. కిరణ్ మొదలుపెడితే రవి, లత మొదలుపెడితే సునీత. ఎవరు మొదలుపెట్టినా చక్రం కచ్చితంగా తిరగబడుతుంది. ‘ఈసారి వరుస మార్చండి’ అని విడిగా ఎక్కడా చెప్పకుండా, మొదటి రిసీవర్ ఎవరో చెప్పే ఒక్క వాక్యంతో పని జరిపించేశారు. నాకు ఈ ఆట నిబంధనల్లో అన్నిటికన్నా నచ్చిన వాక్యం ఇదే.

అందుకే డబుల్స్ స్కోర్లను వరుసగా చదవడం కన్నా బేసి గేములను ఒకవైపు, సరి గేములను మరోవైపు పెట్టుకుని చూస్తే రుచిగా ఉంటుంది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్‌లో హైదరాబాద్ క్రీడాకారిణి ఆకుల శ్రీజ, శరత్ కమల్‌తో కలిసి మలేసియా జంట జావెన్ చూంగ్, కరెన్ లైన్‌లను ఓడించి స్వర్ణం గెలిచింది. ఒకటి, మూడు గేములు 11-4, 11-5. రెండు, నాలుగు గేములు 9-11, 11-6. మలేసియా జంట గెలిచిన ఒక్క గేమూ సరి గేముల్లోనే ఉంది. నాలుగు గేముల సాక్ష్యంతో వరుసే కారణమని తీర్పు చెప్పలేం గాని, ఆట రికార్డింగ్ చూసేటప్పుడు ఎవరి బంతి ఎవరికి పోతోందో కనిపెట్టి చూడటానికి ఇది మంచి చోటు.

మిగిలింది ఆఖరి గేమ్. ఐదు గేముల ఆటలో ఐదోది, ఏడు గేముల ఆటలో ఏడోది. అప్పటికి రెండు చక్రాలూ సమానంగా నడిచి ఉంటాయి. మిగిలిన ఒక్క గేమ్‌ను ఎవరికిచ్చినా అన్యాయమే. అందుకని దాన్ని మధ్యలో విరిచారు. ఏ జట్టయినా ముందుగా 5 పాయింట్లు చేయగానే రెండు జట్లూ చివరలు మారతాయి, రిసీవ్ చేయాల్సిన జట్టు తన రిసీవర్‌ను మారుస్తుంది.

స్కోరు 5-2 అనుకుందాం. ఆఖరి గేమ్‌ను రవే మొదలుపెట్టాడు. ఏడు పాయింట్లు అయ్యాయి: రవి రెండు సర్వీసులు, కిరణ్ రెండు, సునీత రెండు, లత ఒకటి. లతకు ఇంకో సర్వీసు ఉంది, అది ఆమెకే ఉంటుంది. మామూలుగా దాన్ని రవి తీసుకోవాలి. మార్పు వల్ల సునీత తీసుకుంటుంది. ఆ తర్వాత సునీత కిరణ్‌కు, కిరణ్ రవికి, రవి లతకు సర్వ్ చేస్తారు. కొంచెం ముందే సర్వ్ చేసిన సునీతకు మళ్లీ వెంటనే వంతు వచ్చింది, గేమ్ మొదలుపెట్టిన రవి మాత్రం ఇంకా ఆగాలి. జట్ల మధ్య సర్వీసుల లెక్క మాత్రం తప్పదు. ఇంకో సూక్ష్మం: మార్పు తర్వాత 11 చేరడానికి ఏ జట్టుకైనా ఇంకా కనీసం 6 పాయింట్లు కావాలి. కాబట్టి ఆఖరి గేమ్ విరిచిన చోటు సరిగ్గా సగం కాదు. మొదట్లో వరుసను ఎంచుకోలేకపోయిన జట్టుకే సాధారణంగా కాస్త పెద్ద ముక్క దక్కుతుంది.

ఇదంతా ఉన్నా వరుస ఒక్కటే ఆట గెలిపించదు. టోక్యో ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ డబుల్స్ మొదటిసారి ప్రవేశించింది. 2021 జూలైలో జరిగిన ఆ ఫైనల్‌లో జపాన్ తరఫున మిజుతాని, మిమా ఇతో, చైనా తరఫున షు షిన్, లియు షివెన్. రెండు జంటల్లోనూ మగవాళ్లు ఎడమచేతివాటం, ఆడవాళ్లు కుడిచేతివాటం కాబట్టి కాళ్ల పనిలో ఎవరికీ సహజమైన పైచేయి లేదు. జపాన్ మొదటి రెండు గేములు ఓడి, తర్వాతి మూడు గెలిచి, ఆరోది ఓడింది. ఏడో గేమ్‌లో 5-0 దగ్గర వరుస తిరగబడింది. చైనా జంటకు ఊపిరి తీసుకునే అవకాశం ఏదైనా ఉంటే అక్కడే. జపాన్ 8-0కు వెళ్లి, 11-6తో ముగించింది.

ఇంత లెక్క ఉన్నాక తప్పులు సహజం. ముఖ్యంగా గేముల మధ్య విరామం తర్వాత, ఆఖరి గేమ్‌లో 5 దాటిన హడావిడిలో రావాల్సిన రిసీవర్ కాకుండా రెండోవారు వచ్చి నిలబడతారు. అక్కడ నిబంధన తేడా చూపిస్తుంది. ర్యాలీ మధ్యలో వంతు తప్పి కొడితే పాయింటు పోతుంది. అదే సర్వర్‌గానో రిసీవర్‌గానో తప్పు మనిషి వస్తే శిక్ష లేదు. అంపైర్ తప్పు గుర్తించిన క్షణాన ఆట ఆపి, ఆ స్కోరుకు ఎవరు సర్వ్ చేయాలో, ఎవరు తీసుకోవాలో వాళ్లను నిలబెట్టి కొనసాగిస్తాడు. తప్పు వరుసలో ఆడిన పాయింట్లన్నీ లెక్కలోనే ఉంటాయి. కాబట్టి అనుమానం వస్తే అప్పుడే చేయెత్తి అడగాలి, గేమ్ పోయాక అడిగినా ఆ పాయింట్లు వెనక్కి రావు.